లో-ఫ్లోర్ బస్సు వచ్చినా ర్యాంప్ పడని బస్టాప్: ఒక కేస్ స్టడీ

ఈ కేస్ తెలుగు రాష్ట్రాల్లోని ఒక నగరంలో, ఒక మెయిన్ రోడ్డు మీదున్న బస్టాప్‌ది. ఆ రూట్‌లో అప్పటికే 12 మీటర్ల లో-ఫ్లోర్ ఏసీ ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. మధ్య డోర్ దగ్గర మడత ర్యాంప్ ఉంది, లోపల వీల్‌చైర్‌కు చోటు ఉంది, తర్వాతి స్టాప్ చెప్పే అనౌన్స్‌మెంట్ ఉంది. కాగితం మీద చూస్తే లోటేమీ లేదు. కానీ ఆ స్టాప్ పక్కనే ఉన్న కాలేజీలో పాఠాలు చెప్పే లెక్చరర్ ఒకావిడ, వీల్‌చైర్‌లో ఉంటారు, రోజూ ఆటోలోనే వెళ్లేవారు. ర్యాంప్ ఉన్న బస్సు ఎదురుగా వస్తున్నా ఎందుకు ఎక్కలేకపోతున్నానో చూసి చెప్పమని ఆవిడ రాసిన ఉత్తరం రవాణా సంస్థకు వెళ్లి, అక్కడి నుంచి యాక్సెస్ ఆడిట్, అంటే వికలాంగులు వాడుకునేలా ఉందో లేదో పరీక్ష, చేసే మా దగ్గరికి వచ్చింది. ఊరి పేరు, సంస్థ పేరు రాయడం లేదు. అవి లేకపోయినా ఇక్కడి లెక్కలు ఏ ఊరికైనా పనికొస్తాయి.

నేను సివిల్ ఇంజనీర్‌ని. బస్సు గురించి ఫిర్యాదు వచ్చినా ముందు చూసేది రోడ్డునే. లో-ఫ్లోర్ బస్సు అనేది సగం ఏర్పాటు మాత్రమే, మిగతా సగం ఫుట్‌పాత్ అంచున ఉంటుంది. ఈ రెండు సగాలు మన ఊళ్లలో ఇద్దరు వేర్వేరు యజమానుల చేతుల్లో ఉన్నాయి. బస్సు రవాణా సంస్థది, ఫుట్‌పాత్ మున్సిపాలిటీది. రెండూ కలిసే చోటును కొలిచే బాధ్యత మాత్రం ఎవరి ఫైల్‌లోనూ లేదు.

ముందు టేపుతో కొలిచాం

మన దేశంలో అర్బన్ బస్ స్పెసిఫికేషన్ల ప్రకారం బస్సులను లోపలి అంతస్తు ఎత్తును బట్టి విడదీస్తారు. రోడ్డు నుంచి 40 సెంటీమీటర్లు ఉంటే లో-ఫ్లోర్, 65 ఉంటే సెమీ లో-ఫ్లోర్, 90 ఉంటే మామూలు సిటీ బస్సు. 90 సెంటీమీటర్ల బస్సుకు లోపల మెట్లు తప్పవు, దాని మీద ఏ ర్యాంపూ పనిచేయదు. మా బస్సు డోర్ దగ్గర టేపు పెడితే సరిగ్గా 40 చూపించింది.

ఈ బస్సులకు ఇంకో సౌకర్యం ఉంది, నీలింగ్. ఎయిర్ సస్పెన్షన్‌లో ఎడమ వైపు గాలి వదిలితే బస్సు డోర్ల వైపు కొంచెం వంగుతుంది. మా బస్సు 7 సెంటీమీటర్లు దిగింది. అంటే అంతస్తు 33కు వచ్చింది. ర్యాంప్ పొడవు ఒక మీటరు.

ఇక ఫుట్‌పాత్ వైపు. డ్రాయింగ్‌లో కెర్బ్, అంటే ఫుట్‌పాత్ అంచు రాయి, ఎత్తు 15 సెంటీమీటర్లు. మేం కొలిస్తే 10 వచ్చింది. మిగతా 5 ఎక్కడికి పోయాయంటే, ఆ రోడ్డు మీద తర్వాత కొత్తగా తారు లేయర్ వేశారు. పాత లేయర్‌ను గీకి తీయకుండా దానిమీదే వేశారు కాబట్టి రోడ్డు పైకి లేచింది, కెర్బ్ అక్కడే ఉండిపోయింది. మన ఊళ్లలో ఇది చాలా మామూలుగా జరుగుతుంది. ఇలాగే ఇంకో రెండు లేయర్లు పడితే కెర్బ్ పూర్తిగా రోడ్డులో కలిసిపోతుంది, బస్సు అంతస్తు మాత్రం ఎప్పటిలాగే 40 దగ్గరే ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. బస్సు కెర్బ్‌కు ఆనుకుని ఆగి, నీలింగ్ కూడా చేస్తే 33 లోంచి 10 పోగా 23 సెంటీమీటర్ల ఎత్తును ఒక మీటరు ర్యాంప్‌తో ఎక్కాలి. నీలింగ్ చేయకపోతే 30. బస్సు దూరంగా ఆగి ర్యాంప్ రోడ్డు మీద పడితే నీలింగ్‌తో 33, లేకుండా 40. భవనాల ర్యాంపులకు మన మార్గదర్శకాలు చెప్పే వాలు 1:12, అంటే మీటరుకు 8 సెంటీమీటర్ల చిల్లర. బస్సు ర్యాంప్ పొట్టిది, పక్కన సాయం చేసే మనిషి ఉంటారు కాబట్టి అంతకన్నా నిటారుగా ఉన్నా ఫర్వాలేదు. బ్రిటన్‌లో 2000 సంవత్సరం నాటి బస్సు యాక్సెసిబిలిటీ నిబంధనల ప్రకారం, నీలింగ్ చేసి 12.5 సెంటీమీటర్ల ఎత్తున్న కెర్బ్ మీదికి ర్యాంప్ వేసినప్పుడు వాలు 7 డిగ్రీలు దాటకూడదు. అంటే మీటరుకు దాదాపు 12 సెంటీమీటర్లు. మా స్టాప్‌లో మంచి పరిస్థితిలోనే 23 వస్తోంది. దాని మీద చేతులతో తోసుకునే కుర్చీ ఎక్కడం అసాధ్యం. వెనక నుంచి ఇద్దరు తోసినా ముందు చక్రాలు పైకి లేస్తాయి, కుర్చీ వెనక్కి తిరగబడే ప్రమాదం ఉంది. బ్యాటరీ కుర్చీ అయితే దాని బరువే మనిషి బరువును మించవచ్చు, దాన్ని తోయడం ఎవరి వల్లా కాదు.

ఆ రూట్ కండక్టర్ ఒకాయన ర్యాంప్ తెరిచి చూపించి, “ఇది వేసినా ఎవరూ ఎక్కలేరు సార్, పైగా వెనక బండ్లోళ్లు హారన్ మీద హారన్ కొడతారు” అన్నారు. ర్యాంప్ వాడటం లేదని సిబ్బందిని తప్పుపట్టే ముందు ఆ 23 సెంటీమీటర్లు చూడాలి. ఆయన మాటలో అబద్ధమేమీ లేదు.

బస్సు ఎందుకు దగ్గరికి రాదు

కొలతల కన్నా పెద్ద సమస్య బస్సు ఆగే తీరు. ఒక సాయంత్రం రద్దీ వేళలో నిలబడి చూస్తే వచ్చిన బస్సుల్లో కెర్బ్‌కు సమాంతరంగా ఆగింది ఒక్కటీ లేదు. ముక్కు లోపలికి, తోక రోడ్డు మీదికి పెట్టి వంకరగా ఆగుతున్నాయి.

దీనికి కారణం బస్ బే. ఫుట్‌పాత్‌ను లోపలికి కోసి, బస్సు కోసమని చేసిన జేబులాంటి చోటు. రోడ్డు మీద ట్రాఫిక్‌కు అడ్డం లేకుండా బస్సు పక్కకు వెళ్లాలన్నది ఉద్దేశం. కానీ 12 మీటర్ల బస్సు లేన్‌లోంచి పక్కకు తిరిగి, మళ్లీ తిన్నగా సర్దుకోవాలంటే ముందు చాలా జాగా కావాలి. లండన్ బస్టాప్ మార్గదర్శకాల్లో, పక్కన బళ్లు నిలిపే వీధిలో కెర్బ్ వెంట బస్సు కోసం ఖాళీగా ఉంచమనే నిడివి 37 మీటర్లు. అందులో లోపలికి రావడానికే 13, బయటికి వెళ్లడానికి 9. మా బేకు మొత్తం నిడివి 20 మీటర్లు, దాని మొదట్లో ఎప్పుడూ షేర్ ఆటోలు. ఎంత నేర్పున్న డ్రైవరైనా అందులో బస్సును తిన్నగా పెట్టలేడు.

బస్సు వంకరగా ఆగితే అందరికన్నా ఎక్కువ నష్టపోయేది వీల్‌చైర్ ప్రయాణికులే. ర్యాంప్ మధ్య డోర్‌కు ఉంటుంది, అది ముందు డోర్‌కు దాదాపు 5 మీటర్లు వెనక. బస్సు 10 డిగ్రీలు వంకరగా ఉంటే, ముందు డోర్ కెర్బ్‌కు అర మీటరు దూరంలో ఉన్నా మధ్య డోర్ దానికి ఇంకో 85, 90 సెంటీమీటర్లు ఎడంగా ఉంటుంది. మీటరు ర్యాంప్ అప్పుడు కెర్బ్‌ను అందుకోదు, రోడ్డు మీద పడుతుంది. వీల్‌చైర్ ముందు కెర్బ్ దిగాలి, తర్వాత 33 సెంటీమీటర్ల వాలు ఎక్కాలి. డ్రైవర్ తన పక్కనున్న ముందు డోర్‌ను చూసుకుని బాగానే ఆపాననుకుంటాడు.

ఇంకో సంగతి, దూరం అందరికీ ఒకే రకంగా బాధించదు. మీటరు ర్యాంప్ 70 సెంటీమీటర్ల ఎడం వరకు కెర్బ్‌ను అందుకోగలదు, కాబట్టి వీల్‌చైర్‌కు ఆ ఎడం పెద్ద అడ్డు కాదు. చంకకర్రలతో నడిచేవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, తెల్ల కర్రతో వచ్చే అంధులు ర్యాంప్ అడగరు, నేరుగా అడుగేస్తారు. వాళ్లకు 20 సెంటీమీటర్లు దాటితే ఆ ఒక్క అడుగు రెండు పనులవుతుంది. రోడ్డు మీదికి దిగడం, మళ్లీ అంత ఎత్తు ఎక్కడం. అందుకే వీల్‌చైర్ ఒక్కదాన్నే పెట్టుకుని టెస్ట్ చేసి స్టాప్ బాగుందని సర్టిఫికెట్ ఇవ్వడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

డ్రైవర్లు దూరంగా ఆపడానికి ఇంకో కారణం డిపోలో తెలిసింది. టైర్ పక్కభాగం కెర్బ్ రాళ్లకు రాసుకుంటే టైర్ పాడవుతుంది, ఆ లెక్క చివరికి డ్రైవర్ మెడకు చుట్టుకుంటుంది. ముక్కలైన, పదునైన కెర్బ్ రాళ్ల దగ్గరికి ఏ డ్రైవరూ కావాలని రాడు. జర్మనీలోని కాసెల్ నగరం ఈ సమస్యకే ఒక జవాబు కనిపెట్టింది. అక్కడి కెర్బ్ రాయి అడుగుభాగం నున్నగా, లోపలికి వంపుగా ఉంటుంది. టైర్ దానికి తగిలితే గీరుకోదు, ఆ వంపే చక్రాన్ని మెల్లగా సరైన దారిలోకి తోస్తుంది. డ్రైవర్ భయం లేకుండా ఆనుకుని ఆపుతాడు. ఆ ఊరి పేరుతోనే కాసెల్ కెర్బ్ అని ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు.

ఏం మార్చాం

బేను పూడ్చేశాం. ఫుట్‌పాత్‌ను లేన్ అంచు దాకా ముందుకు తెచ్చి, 14 మీటర్ల నిడివిలో బస్సు రెండు డోర్లకూ సరిపడా ఒక వేదిక కట్టాం. బస్సు పక్కకు తిరగక్కర్లేదు, తన లేన్‌లోనే నేరుగా వచ్చి ఆగుతుంది, నేరుగా వెళ్తుంది. వంకర అన్న ప్రశ్నే లేదు. పక్కన ఆటో ఆగడానికి చోటు ఉండదు కాబట్టి దాన్ని తరిమే పోలీసు కూడా అక్కర్లేదు.

ట్రాఫిక్ అధికారులు మొదట ఒప్పుకోలేదు. బస్సు ఆగినంతసేపూ లేన్ మూసుకుపోతుందని వాళ్ల అభ్యంతరం. బస్సు వంకరగా ఆగినప్పుడు దాని తోక అదే లేన్‌లో ఎంత మేర నిలుస్తోందో ఫోటోలు తీసి చూపించాం. లేన్ అప్పటికే మూసుకుపోతోంది, పైగా బయటికి వచ్చేటప్పుడు ట్రాఫిక్ సందు ఇచ్చేదాకా బస్సు బేలోనే ఇరుక్కుంటోంది. ఫోటోలు చూశాక వాళ్లే రోడ్డు మీద గీతలు మార్చడానికి మనుషులను పంపారు. అయితే రోడ్డుకు ఒక్క లేనే ఉండి, బస్సులు నిమిషానికొకటి వచ్చే చోట ఈ పద్ధతి ఇలాగే చేయమని నేను చెప్పను. అక్కడ బే నిడివి పెంచడమే దారి.

వేదిక ఎత్తు 18 సెంటీమీటర్లు పెట్టాం. ఇంకా పెంచితే ర్యాంప్ ఇంకా చదునవుతుంది కదా అని కమిటీలో అడిగారు. కెర్బ్ మరీ ఎత్తయితే నీలింగ్ చేసినప్పుడు బయటికి తెరుచుకునే డోర్ అడుగు దానికి తగులుతుంది, బస్సు ముందు భాగం కెర్బ్ మీదుగా ఊగినప్పుడు బాడీ గీరుకుంటుంది. కాసెల్ రకం కెర్బ్‌లు కూడా సాధారణంగా 16 నుంచి 18 మధ్యే ఉంటాయి. ఆ ఆకారపు రాయి మాకు దగ్గరలో దొరకలేదు. గ్రానైట్ రాయిని ముఖం నున్నగా చెక్కించి, అంచు గుండ్రం చేయించి వాడాం. కాసెల్ రాయిలా చక్రాన్ని నడిపించదు గానీ టైర్‌ను కోయదు. డిపో మేనేజర్ స్వయంగా వచ్చి రాయి మీద చెయ్యి రాసి చూశాకే డ్రైవర్లను దగ్గరగా ఆపమన్నారు.

ఇప్పుడు 33 లోంచి 18 పోతే 15. మీటరు ర్యాంప్ మీద ఇది ముందటి 23తో పోలిస్తే చాలా నయం. బ్యాటరీ కుర్చీలు సొంతంగా ఎక్కుతున్నాయి, చేతి కుర్చీకి కండక్టర్ ఒక్కరు తోస్తే చాలు. కానీ బ్రిటన్ లెక్క ప్రకారం ఇంకా నిటారే. ర్యాంప్ 1.2 మీటర్లు ఉంటే మీటరుకు 12.5 వస్తుంది, అంటే ఆ హద్దుకు దాదాపు చేరతాం. ఉన్న బస్సుల్లో ర్యాంప్ గూడు కొలత మారదు కాబట్టి దీన్ని తర్వాతి టెండర్‌లో పెట్టమని రాశాం. 20 సెంటీమీటర్ల పొడవు తేడాకు బస్సు ధరలో పెద్ద మార్పు రాదు, కానీ అది కొనక ముందు అడగాల్సిన సంగతి.

షెల్టర్ కూడా జరపాల్సి వచ్చింది. పాత షెల్టర్ స్తంభం, దాని మీది ప్రకటన బోర్డు సరిగ్గా మధ్య డోర్ వచ్చే చోట ఉన్నాయి. ర్యాంప్ పడ్డాక దాని కొసన కుర్చీ తిరగడానికి 1.5 మీటర్ల ఖాళీ కావాలి. ర్యాంప్ పొడవుతో కలిపితే డోర్ ముందు రెండున్నర మీటర్ల లోతు ఏ అడ్డూ లేకుండా ఉండాలి. బస్సు ముక్కు ఎక్కడ ఆగాలో ముందు గీత గీసి, అక్కడి నుంచి రెండు డోర్లూ ఎక్కడ పడతాయో కొలిచి, ఆ తర్వాతే స్తంభాలు ఎక్కడ పాతాలో నిర్ణయించాలి. మనవాళ్లు షెల్టర్ ముందు కట్టి, బస్సు తర్వాత వస్తుందిలే అనుకుంటారు. ముందు డోర్ పడే చోట అంధులకు కాలితో, కర్రతో తెలిసేలా చుక్కల పలకలు వేశాం. అక్కడ నిలబడితే డోర్ ఎదురుగానే తెరుచుకుంటుందని వాళ్లకు నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం నిలవాలంటే బస్సు ప్రతిసారీ అదే గీత దగ్గర ఆగాలి.

వాన నీటి సంగతి వదిలేస్తే పని మొత్తం వృథా అయ్యేది. ఫుట్‌పాత్‌ను ముందుకు తెస్తే పాత కెర్బ్ వెంట పారే నీటికి దారి మూసుకుపోతుంది. వేదిక కింద పాత కెర్బ్ వెంటే ఒక కాలువ వదిలి, పైన తీయగలిగే జాలీ పలకలు వేశాం. మొదటి పెద్ద వానకు ప్లాస్టిక్ కవర్లు అడ్డుపడి వెనక మడుగు కట్టింది. ఇప్పుడు జాలీ శుభ్రం చేయడం వార్డు పారిశుద్ధ్య సిబ్బంది జాబితాలో చేరింది.

నీలింగ్ అనే చిన్న స్విచ్

ఈ లెక్కలన్నిటిలో 7 సెంటీమీటర్లు నీలింగ్ ఇచ్చినవే. అది పనిచేయకపోతే 15 కాస్తా 22 అయి, మళ్లీ పాత కథే. డిపోలో చూస్తే కొన్ని బస్సుల్లో స్విచ్ నొక్కినా బస్సు కదల్లేదు. వాల్వ్‌లో దుమ్ము, గాలి లీకు, కొన్నిట్లో స్విచ్ తీగ ఊడిపోయి ఉంది. డ్యాష్‌బోర్డ్ మీద లైట్ మాత్రం వెలుగుతోంది. లైట్ చూసి ఓకే రాసుకుంటే ఏమీ తెలియదు. డోర్ దగ్గర టేపు పెట్టి ముందు ఎంత, తర్వాత ఎంత అని చూడాలి. 5 సెంటీమీటర్లు కూడా దిగకపోతే బస్సును మెకానిక్‌కు చూపించాలి. డిపో ఉదయం చెక్ కార్డులో ఈ ఒక్క గడి చేర్చాం.

డ్రైవర్లు స్విచ్ వాడకపోవడానికి వాళ్ల కారణం వాళ్లకుంది. వదిలిన గాలి మళ్లీ నిండి బస్సు లేవడానికి కాసేపు పడుతుంది, షెడ్యూల్ టెన్షన్‌లో అది చాలాసేపు అనిపిస్తుంది. ప్రతి స్టాప్‌లోనూ చేయమని మేం అడగలేదు. వీల్‌చైర్ ఉన్నప్పుడు, కర్రలతో లేదా చంటిబిడ్డతో ఎవరైనా కనిపించినప్పుడు, అడిగినప్పుడు చేయమన్నాం. డోర్ తెరవగానే బస్సు దానంతటదే వంగే ఏర్పాటు కూడా ఉంటుంది. కొత్త బస్సులు కొనేవాళ్లు అదే అడగడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే అప్పుడు ఎవరూ బతిమాలక్కర్లేదు.

ఒక స్టాప్ వెనకబడ్డ గొంతు

అనౌన్స్‌మెంట్ పరీక్షకు మాతో ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చారు, పుట్టుకతోనే చూపు లేదు. బస్సెక్కి కూర్చున్న కాసేపటికే, “ఇది మనం దాటేసిన స్టాప్ పేరు చెబుతోంది సార్” అన్నారు. మలుపులను, స్పీడ్ బ్రేకర్లను బట్టి ఆయనకు రూట్ కంఠస్థం. కొత్త రూట్‌లో అయితే ఆ తప్పును పట్టుకునే దారి ఆయనకు లేదు, తప్పు స్టాప్‌లో దిగిపోయేవారు. ఆలస్యంగా వచ్చే అనౌన్స్‌మెంట్ అసలు లేకపోవడం కన్నా ప్రమాదం. ఏమీ వినపడకపోతే మనిషి పక్కవాళ్లను అడుగుతాడు, వినపడితే నమ్మి దిగుతాడు.

ఈ వ్యవస్థ జీపీఎస్‌తో నడుస్తుంది. ప్రతి స్టాప్ చుట్టూ మ్యాప్ మీద ఒక వలయం గీస్తారు. బస్సు ఆ వలయంలోకి వస్తే ఆ స్టాప్ పేరు, బయటికి వెళ్తే తర్వాతి స్టాప్ పేరు చెబుతుంది. మా రూట్‌లో అన్ని స్టాప్‌లకూ ఒకే వలయం, 100 మీటర్ల వ్యాసార్ధం. పాత ఊరి భాగంలో రెండు స్టాప్‌ల మధ్య దూరమే 180 మీటర్లు. వలయాలు ఒకదానిమీదొకటి పడ్డాయి. బస్సు మొదటి వలయం దాటకుండానే రెండో దాంట్లోకి వెళ్తోంది, సాఫ్ట్‌వేర్ మాత్రం మొదటిది పూర్తయ్యేదాకా ఆగుతోంది. అక్కడ ఒక స్టాప్ వెనకబడితే టెర్మినల్ దాకా అదే వెనకబాటు. ఎక్కడ మొదలైందో కనిపెట్టడం సులువు. రూట్ కాగితం పట్టుకుని కూర్చుని, ఏ స్టాప్ దగ్గర మొదటిసారి తప్పిందో రాసుకుంటే ప్రతి బస్సులోనూ అదే చోటు వస్తుంది. ప్రతి బస్సులో వేరే చోట తప్పితే అది పరికరం సమస్య, ఒకే చోట తప్పితే డేటా సమస్య.

దగ్గర స్టాప్‌లకు వలయం 45 మీటర్లకు తగ్గించాం. దాంతోపాటు డోర్ తెరుచుకున్న సిగ్నల్‌ను కూడా కలిపించాం. వలయంలో ఉండి డోర్ తెరుచుకుంటే ఆ స్టాప్ అయిపోయినట్టే. బస్సు ఆగకుండా వెళ్లిపోతే వలయం దాటగానే లెక్క ముందుకు జరుగుతుంది. ఫ్లైఓవర్ దగ్గర ఇంకో చిక్కు ఉంది. పైనుంచి వెళ్లే బస్సు, కింద నుంచి వెళ్లే బస్సు మ్యాప్‌లో ఒకే చోట ఉన్నట్టు కనిపిస్తాయి. పైనుంచి వెళ్లే ట్రిప్పులకు వేరే స్టాప్ లిస్ట్ పెట్టడం తప్ప మాకు వేరే దారి దొరకలేదు. డ్రైవర్ టెర్మినల్‌లో ట్రిప్ మార్చడం మరిచిపోతే అది మళ్లీ తప్పుతుంది.

లోపలి గొంతు ఎక్కినవాళ్లకు. స్టాప్‌లో నిలబడ్డ అంధుడికి కావాల్సింది వచ్చిన బస్సు నంబరు, అది ఎటు పోతోంది అన్న సంగతి. డీజిల్ బస్సు అయితే ఇంజన్ చప్పుడుకు బస్సు వచ్చిందనైనా తెలుస్తుంది, ఎలక్ట్రిక్ బస్సు వచ్చి ఆగినా తెలియదు. డోర్ తెరుచుకోగానే బయటి స్పీకర్ నంబరు, గమ్యం చెప్పాలి. మా బస్సులకు బయటి స్పీకర్ ఉంది కానీ ఆపేశారు. రాత్రిపూట గోల అని వీధివాళ్లు ఫిర్యాదు చేశారట. రాత్రి 9 తర్వాత దాని వాల్యూమ్ తగ్గేలా సెట్ చేయించి మళ్లీ ఆన్ చేయించాం. ఐఐటీ ఢిల్లీ వాళ్లు తయారుచేసిన ఆన్‌బోర్డ్ అనే పరికరం ఇంకో దారిలో వెళ్తుంది. దాన్ని 2018లో ముంబైలో బెస్ట్ సంస్థ బస్సుల్లో పరీక్షించారు. ప్రయాణికుడి చేతిలోని చిన్న పరికరంలో బటన్ నొక్కితే దగ్గరలో ఉన్న బస్సుల నంబర్లు అతనికే వినిపిస్తాయి. కావాల్సింది ఎంచుకుంటే ఆ బస్సు డోర్ దగ్గరి స్పీకర్ శబ్దం చేసి దారి చూపిస్తుంది. అడిగినప్పుడే మోగుతుంది కాబట్టి వీధికి గోల ఉండదు, డోర్ ఎక్కడుందో కూడా తెలుస్తుంది. పరికరం చేతిలో ఉన్నవాళ్లకే పనికొస్తుందన్నది దాని పరిమితి.

వినపడనివాళ్ల కోసం లోపల స్క్రీన్ ఉంది, దాని మీద ప్రకటనల మధ్య స్టాప్ పేరు వచ్చిపోయేది. స్టాప్ పేరు ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలని, ప్రకటన కింది సగంలోనే రావాలని మార్పించాం. ఒక్కపూటలో అయిపోయిన పని అది.

చట్టం ఎక్కడ నిలబడింది

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 41వ సెక్షన్ రవాణా గురించే. 2019 డిసెంబర్‌లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో బస్సుల్లో వికలాంగులకు ఉండాల్సిన సౌకర్యాలు చేర్చారు, అవి 2020 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. 2024 నవంబర్‌లో రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు ఇంకో ముఖ్యమైన మాట చెప్పింది. యాక్సెసిబిలిటీ ప్రమాణాలను కేవలం సలహాలుగా ఉంచడం చట్టానికి విరుద్ధమని, తప్పనిసరిగా పాటించాల్సిన నిబంధనలు వేరుగా తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆడిట్ రిపోర్ట్ తీసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే మాలాంటివాళ్లకు ఇది పెద్ద ఊతం. ఇన్నాళ్లూ “ఇవి గైడ్‌లైన్సే కదా” అనే మాటతో ఫైల్ మూసేసేవారు.

చెన్నై అనుభవం కూడా ఇక్కడ చెప్పాలి. అక్కడ లో-ఫ్లోర్ బస్సుల కోసం వికలాంగుల హక్కుల కార్యకర్త వైష్ణవి జయకుమార్ మద్రాస్ హైకోర్టులో పోరాడారు. రోడ్ల పరిస్థితి బాగా లేదు, అన్ని రూట్లలో లో-ఫ్లోర్ నడపలేం అన్నది ప్రభుత్వం వైపు నుంచి వచ్చిన ప్రధాన వాదన. చివరికి 2024 ఆగస్టులో చెన్నై సిటీ బస్సులు నడిపే ఎంటీసీ లో-ఫ్లోర్ బస్సులు నీలింగ్, ర్యాంప్‌లతో అక్కడ రోడ్డెక్కాయి. రోడ్డు బాగా లేదన్న మాట చాలాచోట్ల నిజమే. కానీ దాన్ని బస్సు కొనకపోవడానికి కారణంగా చూపితే ఆ రోడ్డు ఎప్పటికీ బాగుపడదు. మా స్టాప్‌లో ముందు బస్సు వచ్చింది. బస్సు వచ్చింది కాబట్టే దాని పక్కన టేపు పెట్టి ఫుట్‌పాత్ ఎంత తక్కువైందో చూపించగలిగాం.

అహ్మదాబాద్ జన్‌మార్గ్ వేరే దారి ఎంచుకుంది. 2009లో మొదలైన ఆ బీఆర్‌టీఎస్‌లో, అంటే బస్సులకే ప్రత్యేక లేన్లున్న వ్యవస్థలో, రోడ్డు మధ్యలో స్టేషన్లు కట్టి, ప్లాట్‌ఫామ్‌ను బస్సు అంతస్తుకు సమానంగా లేపారు. ర్యాంప్ వేసే పనే లేదు. కానీ అక్కడా అంతా బస్సు ఎంత దగ్గరగా ఆగిందన్న దాని మీదే ఆధారపడుతుంది. ఎత్తు సమానంగా ఉన్నా ఎడం ఎక్కువైతే వీల్‌చైర్ ముందు చక్రం అందులో ఇరుక్కుంటుంది, ముందు చక్రాలు చిన్నవి, పక్కకు తిరుగుతాయి కాబట్టి. పైగా ఆ స్టేషన్లకు వేరే ఎత్తు బస్సు వస్తే పనికిరాదు. ఎప్పుడూ ఒకే రకం బస్సులు నడిచే కారిడార్‌కు అది బాగుంటుంది. రకరకాల బస్సులు తిరిగే మామూలు రోడ్డుకు లో-ఫ్లోర్, ఎత్తు కెర్బ్ కలయికే సరైనదని నా నిర్ణయం.

ఇప్పుడు ఎలా ఉంది

లెక్చరర్‌గారు ఇప్పుడు ఆ స్టాప్‌లో బస్సెక్కుతున్నారు. ఆవిడది చేతి కుర్చీ, కండక్టర్ తోస్తారు. సాయంత్రం బస్సు కిక్కిరిసి ఉంటే వీల్‌చైర్ చోటులో నిలబడ్డవాళ్లు కదలరు, అది ఇంకా తెగలేదు. బ్రిటన్‌లో ఇదే గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2017లో వీల్‌చైర్ ప్రయాణికుడు డగ్ పాలీ కేసులో, డ్రైవర్ ఒకసారి అడిగి ఊరుకుంటే సరిపోదని, అవసరాన్ని బట్టి గట్టిగా చెప్పాలని, కావాలంటే బస్సును కాసేపు ఆపి ఉంచాలని కోర్టు చెప్పింది. మా రవాణా సంస్థ కండక్టర్లకు అలాంటి సూచన రాతపూర్వకంగా ఇవ్వమని అడిగాం, ఫైల్ నడుస్తోంది.

ఆవిడ దిగే స్టాప్ పరిస్థితి వేరు. అక్కడ కెర్బ్ ఇంకా 10 సెంటీమీటర్లే. ఎక్కినప్పటి కన్నా దిగేటప్పుడే ఇప్పుడు కష్టం, 23 సెంటీమీటర్ల వాలు మీద కుర్చీని వెనక్కి తిప్పి, కండక్టర్ కింద నిలబడి ఆపుకుంటూ దించుతున్నారు. ఒక్క స్టాప్ బాగుచేస్తే ఒక ప్రయాణంలో సగమే పూర్తవుతుంది. అందుకే రెండో దశకు స్టాప్‌లను రోడ్డు వరుసలో కాకుండా జంటలుగా ఎంచుకున్నాం. ఎక్కువమంది వికలాంగులు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతారో బస్ పాస్ దరఖాస్తుల నుంచి తీసి, కాలేజీ, జిల్లా ఆస్పత్రి, కలెక్టరేట్, రైల్వే స్టేషన్ ముందున్న స్టాప్‌లను జాబితాలో మొదట పెట్టాం. ఆ రోడ్డు మీద మళ్లీ తారు వేసేటప్పుడు పాత లేయర్ గీకి తీయాలని, పని బిల్లు పాస్ చేసే ముందు ప్రతి స్టాప్‌లో కెర్బ్ ఎత్తు కొలిచి మెజర్‌మెంట్ బుక్‌లో రాయాలని మున్సిపల్ ఇంజనీరింగ్ విభాగానికి లేఖ పెట్టాం. ఆ షరతు వచ్చే రోడ్డు టెండర్‌లో చేరింది.